గోల్‌పోస్టు వెనుక మీరు: పదిహేనేళ్ల తరువాత ఒక గోల్‌కీపర్ వీడ్కోలు ప్రసంగం

అభిమానులకు, ఇన్నేళ్లు నాతో కలిసి ఆడిన సహచరులకు, శిక్షకులకు, క్లబ్ సిబ్బందికి నమస్కారం.

ఆట ముగిసిన తరువాత కూడా మీరు ఇళ్లకు వెళ్లకుండా నా కోసం ఆగినందుకు ముందుగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. పదిహేనేళ్లు ఒకే క్లబ్‌కు గోల్ కాయడం చాలా కొద్దిమందికే దక్కే అదృష్టం. మిగిలిన ఆటగాళ్లను అవసరాన్ని బట్టి కుడి నుంచి ఎడమకు, ముందు నుంచి వెనుకకు మార్చి ఆడించవచ్చు గానీ, గోల్‌కీపర్‌కు జట్టులో ఉన్నది ఒక్కటే చోటు. ఆ చోట ఒకడు కుదురుకుంటే, రెండోవాడు ఎంత సమర్థుడైనా బెంచీ మీద కూర్చోవాలి, లేదా మరో క్లబ్ వెతుక్కోవాలి. నన్ను ఇన్నేళ్లు ఆ చోట ఉంచిన శిక్షకులకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. అయితే ఈ సాయంత్రం నాకు దొరికిన కొద్ది సమయాన్ని మీ గురించి మాట్లాడటానికే వాడుకుంటాను. మీ గొంతు గోల్ ముందు నిలబడినవాడికి ఎలా చేరుతుందో, అది ఆటను ఎక్కడెక్కడ మారుస్తుందో మీరు కూర్చున్న చోటు నుంచి కనిపించదు. అది తెలిసినవాడిగా మీకు చెప్పి వెళ్లడం నా బాధ్యత అనుకుంటున్నాను.

టాస్‌తో మొదలుపెడతాను. టాస్ గెలిచిన కెప్టెన్ మొదట ఏ గోల్ వైపు దాడి చేయాలో ఎంచుకోవచ్చు, లేదా ఆరంభ కిక్ తీసుకోవచ్చు. మన కెప్టెన్లు టాస్ గెలిచినప్పుడల్లా ద్వితీయార్ధంలో మీ స్టాండ్ ముందున్న గోల్ వైపు దాడి చేసేలా చూసుకున్నారు. చివరి అరగంటలో మన ఫార్వర్డ్‌లు మీ వైపు పరుగెత్తాలన్నది వారి ఆలోచన. దాని ఫలితం నాకు మరోలా దక్కింది. ప్రథమార్ధం మొత్తం మీరు నా వెనుక ఉండేవారు. నెట్ వెనుక మొదటి వరుసలో కూర్చునేవారి మాటలు కూడా నాకు వినిపించేంత దగ్గరగా ఉండేవారు. కొన్ని ప్రత్యర్థి జట్లకు ఈ సంగతి తెలుసు. వారు టాస్ గెలిస్తే కావాలనే వైపులు మార్చేవారు. అలాంటి రోజుల్లో చివరి నిమిషాల్లో మన గోల్ మీద ఒత్తిడి వస్తున్నప్పుడు మీరు నా వీపు వెనుక నిలబడి ఉండేవారు. వాళ్ల కెప్టెన్ మమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానని అనుకునేవాడేమో గానీ, నాకు మాత్రం ఆ మార్పు ఎప్పుడూ బాధ కలిగించలేదు.

ఇక శబ్దం సంగతి. గోల్‌కీపర్ పనిలో బంతిని పట్టుకోవడం చిన్న భాగమే, మాట్లాడటం పెద్ద భాగం. మైదానం మొత్తాన్ని ముందువైపు నుంచి చూసేవాడు అతడొక్కడే. డిఫెండర్ బంతిని చూస్తూ ఉంటే అతడి వీపు వెనుకకు జారుకునే ఫార్వర్డ్‌ను చూసి చెప్పవలసినవాడు గోల్‌కీపర్. లెవ్ యాషిన్ తన జీవితమంతా మాస్కో డైనమో క్లబ్‌కే ఆడాడు. 1963లో బాలన్ డోర్ అందుకున్నాడు, ఆ పురస్కారం పొందిన గోల్‌కీపర్ నేటికీ ఆయన ఒక్కడే. గోల్ గీత మీద కదలకుండా నిలబడే పద్ధతిని వదిలి, ముందుకు వచ్చి, ఆటంతా డిఫెండర్లను కేకలతో నడిపించినవాడిగా ఆయన పేరు నిలిచింది. మేమందరం ఆ దారిలో వచ్చినవాళ్లమే.

అయితే మీ స్టాండ్ పూర్తి గొంతుతో పాడుతున్నప్పుడు, పది పన్నెండు మీటర్ల దూరంలో ఉన్న నా సెంటర్ బ్యాక్‌కు కూడా నా కేక చేరదు. పక్క నుంచి క్రాస్ ఎగిరి వచ్చే క్షణంలో నేను 'నాది' అని అరిస్తే డిఫెండర్ తప్పుకోవాలి, 'కొట్టేయ్' అని అరిస్తే అతడు తలతో కొట్టాలి. ఆ మాట వినపడకపోతే ఇద్దరం ఒకే బంతి కోసం ఎగురుతాం, లేదా ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఆగిపోతాం. రెండో సందర్భమే ఎక్కువ ప్రమాదకరం. ఎందుకంటే బంతి నేల మీద పడిన చోట అప్పుడు ప్రత్యర్థి ఒక్కడే ఉంటాడు.

అందుకని మేము మాటను నమ్ముకోవడం తగ్గించి, ముందే కుదుర్చుకున్న హద్దులను నమ్ముకోవడం నేర్చుకున్నాం. గోల్ ఏరియా గీత గోల్ నుంచి ఐదున్నర మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ గీత లోపల, రెండు పోస్టుల మధ్య పడే ఎత్తయిన బంతి, నేను అరిచినా అరవకపోయినా, నాదే. ఆ గీత దాటి పడేది డిఫెండర్లది. నేను దాని కోసం బయటికి వస్తే, ముందున్న డిఫెండర్ వీపును అరచేతితో తాకుతాను. ఆ స్పర్శ తగిలితే అతడు తల వంచి నాకు దారి ఇవ్వాలి. కార్నర్ వేళ దగ్గరి పోస్టు వద్ద నిలబడినవాడికి నా చూపుడు వేలే ఆజ్ఞ. మీరు చూసే ఆ చేతుల కదలికలు, గ్లౌజు పైకెత్తి చూపే వేళ్లు, మీ శబ్దం మధ్య పనిచేయడానికి మేము కట్టుకున్న ఏర్పాటు. అది కుదిరిన తరువాత అదే శబ్దం మాకు ఆధిక్యంగా మారింది. మన దగ్గరికి ఏడాదికి ఒక్కసారి వచ్చే జట్టుకు అలాంటి ఏర్పాటు ఉండదు. ద్వితీయార్ధంలో మీ ముందు నిలబడిన వాళ్ల గోల్‌కీపర్ గొంతు చించుకుని అరుస్తుంటే, వాళ్ల డిఫెండర్లు వెనక్కి తిరిగి 'ఏమిటీ?' అన్నట్టు చేతులు చూపేవారు. సెంటర్ బ్యాక్ అలా వెనక్కి తిరిగిన ఒక్క సెకనులో మన ఫార్వర్డ్ అతడి కళ్ల నుంచి మాయమయ్యేవాడు. కార్నర్ల మీద మనం కొట్టిన గోల్‌లలో కొన్నింటికి అసలు కారణం అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీరు లేకపోతే ఏమవుతుందో కూడా మేము చూశాం. 2020లో కోవిడ్ కారణంగా దాదాపు లీగులన్నీ ఆగిపోయి, తిరిగి మొదలైనప్పుడు స్టేడియాలు ఖాళీగా ఉన్నాయి. ఆ నెలల్లో నా ప్రతి మాట నలుగురు డిఫెండర్లకూ స్పష్టంగా వినపడింది. పనికి అది సుఖమే. బంతి పాదానికి తగిలిన చప్పుడు కూడా వినపడేది. గట్టిగా, పొడిగా వచ్చే చప్పుడు వింటే బంతి వేగంగా వస్తుందని, మెత్తగా వస్తే అది సరిగా తగల్లేదని, కళ్లు లెక్క కట్టకముందే చెవి చెబుతుంది. ఇంత సదుపాయం ఉన్నా, సొంత మైదానంలో ఆడుతున్నామన్న తేడా మాత్రం చాలా వరకు కరిగిపోయింది. మా ఒక్కరికే కాదు, ఆ కాలంలో ఎన్నో దేశాల లీగులను పరిశీలించిన వారు సొంత జట్టుకు ఉండే ఆధిక్యం తగ్గిందనీ, అతిథి జట్లకు రిఫరీలు చూపే పసుపు కార్డులు తగ్గాయనీ గమనించారు.

ఆ రెండో విషయం మీకు వింతగా తోచవచ్చు. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, అర్హత పొందిన నలభై మంది రిఫరీలకు ఒకే మ్యాచ్ దృశ్యాలను చూపించారు. కొందరికి ప్రేక్షకుల హోరుతో, కొందరికి నిశ్శబ్దంగా. హోరు విన్నవారు సొంత జట్టు మీద ఇచ్చిన ఫౌల్‌లు దాదాపు పదిహేను శాతం తక్కువ. ఆ రిఫరీలు పక్షపాతులని నేను అనడం లేదు. గట్టిగా జరిగిన ఢీని చూసి ఒక మనిషి అర సెకనులో నిర్ణయం తీసుకోవలసినప్పుడు, చుట్టూ వేల గొంతులు ఒక్కసారి లేస్తే, అది కూడా అతడికి ఒక సాక్ష్యంలాగే చేరుతుంది. మీ స్టాండ్‌కు అంత బలం ఉంది. దాన్ని మీరు ఎప్పుడూ దుర్వినియోగం చేయలేదు. ప్రత్యర్థి ఆటగాడు గాయపడి పడిపోయినప్పుడు మౌనం పాటించి, స్ట్రెచర్ మీద వెళుతుంటే చప్పట్లు కొట్టిన అభిమానుల ముందు ఆడానని చెప్పుకోవడం నాకు ఏ విజయానికీ తీసిపోని గర్వం.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. ఇది గోల్‌కీపర్ కాలి దగ్గర బంతి ఉన్న సమయం గురించి. 1992 వరకు సహచరుడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేతితో తీసుకోవచ్చు. ఆ ఏడాది నియమం మారింది. అప్పటి నుంచి అలాంటి బంతిని కాలితోనే ఆడాలి. 2019లో మరో మార్పు వచ్చింది. గోల్ కిక్ కొట్టగానే, బంతి పెనాల్టీ ఏరియా దాటకముందే, మన డిఫెండర్ దాన్ని అందుకోవచ్చు. ఈ రెండు మార్పులూ కలిసి గోల్‌కీపర్‌ను దాడిలో మొదటి ఆటగాడిగా చేశాయి. అయితే స్టాండ్‌లో కూర్చున్నవారికి ఇది భయం పుట్టించే ఆట. ప్రత్యర్థి ఫార్వర్డ్ పరుగెత్తుకుంటూ వస్తుంటే మన గోల్‌కీపర్ బంతి మీద కాలు పెట్టి కదలకుండా నిలబడతాడు. మీలో చాలామంది గుండె గొంతులోకి వస్తుంది. 'కొట్టు, కొట్టు' అన్న కేక లేస్తుంది. ఆ కేక వెనుక ఉన్న ప్రేమ నాకు తెలుసు. అది ఆటలో ఏమి చేస్తుందో మాత్రం ఒక సందర్భంతో చూపిస్తాను.

కొన్నేళ్ల క్రితం మాట. మనం దిగువ డివిజన్‌కు పడిపోకుండా పోరాడుతున్న సీజన్ చివరి దశ. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం, ఇంకా ఇరవై నిమిషాల ఆట మిగిలి ఉంది. ప్రత్యర్థులు ఇద్దరు ఫార్వర్డ్‌లను మన పెనాల్టీ ఏరియా దాకా పంపి ఒత్తిడి చేస్తున్నారు. నా కాలి దగ్గర బంతి ఉంది. నాకు రెండు వైపులా, గోల్ ఏరియా మూలల దగ్గర, ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు నిలబడ్డారు. పెనాల్టీ ఏరియా అంచున మన మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు. ఇక్కడ లెక్క ఒక్కటే. వాళ్ల గోల్‌కీపర్ మైదానానికి అవతలి చివర ఉంటాడు కాబట్టి, బంతి ఉన్న వైపు వాళ్లు పదిమంది, నాతో కలిపి మేము పదకొండుమందిమి. అంటే మనవాడొకడు ఎక్కడో తప్పకుండా ఖాళీగా ఉంటాడు. అతడు ఎవరో తేలాలంటే వాళ్ల ఫార్వర్డ్ ముందుగా ఒక నిర్ణయం తీసుకోవాలి. నేను ఆగి ఉన్నంతసేపు అతడు ఇద్దరికీ మధ్యలో నిలబడి ఇద్దరినీ కాపలా కాయగలడు. నా మీదికి ఐదారు మీటర్ల దాకా వచ్చేశాడంటే, తన వెనుక ఉన్నవాడిని వదిలేసినట్టే. నేను కాలు కదపకుండా ఎదురుచూసేది ఆ ఐదారు మీటర్ల కోసం.

మొదటిసారి నేను ఆగినప్పుడు స్టాండ్‌లో గొణుగుడు మొదలై, క్షణాల్లో పెద్ద కేక అయింది. నా ఎడమవైపు ఉన్న సెంటర్ బ్యాక్ ఆ సీజన్‌లోనే జట్టులోకి వచ్చిన కుర్రాడు. అతడు ఆ కేక విని, బంతి పొడవుగా పోతుందనుకుని నాకు వీపు తిప్పి ముందుకు పరుగెత్తాడు. నా ఎడమ వైపు దారి మూసుకుపోయింది. ఫార్వర్డ్‌కు ఇప్పుడు కాపలా కాయవలసిన వైపు ఒక్కటే కాబట్టి అతడు నేరుగా నా మీదికి వచ్చాడు. నేను బంతిని దూరంగా కొట్టక తప్పలేదు. వాళ్ల డిఫెండర్ దాన్ని తలతో తిప్పికొట్టాడు. ముందుకు, వెనక్కి చెల్లాచెదురై ఉన్న మన మిడ్‌ఫీల్డ్ మధ్య నుంచి ఆ బంతి అంతే వేగంగా మన పెనాల్టీ ఏరియాకు తిరిగి వచ్చింది. గోల్ రాలేదు గానీ, దాని తరువాత వరుసగా మూడు కార్నర్లు ఎదుర్కొన్నాం. అప్పుడు బంతి దూరంగా పోయినందుకు స్టాండ్‌లో చప్పట్లు వినిపించాయి. ప్రమాదం తొలగినట్టు మీకు కనిపించిన ఆ కిక్‌తోనే అసలు ప్రమాదం మొదలైంది.

ఆట ఆగిన సమయంలో నేను ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి, నేను తల ఎత్తి చూస్తున్నంతసేపు తన చోటు వదలవద్దని చెప్పాను. మరికొద్ది నిమిషాలకు అదే పరిస్థితి మళ్లీ వచ్చింది. మళ్లీ గొణుగుడు లేచింది. అయితే ఈసారి స్టాండ్ దిగువ భాగం నుంచి కొందరు 'ఆగు, ఆగు' అని మిగిలినవారిని వారించడం నాకు స్పష్టంగా వినపడింది. కుర్రాడు కదలలేదు. ఫార్వర్డ్ అడుగులు చిన్నవి చేసి, చివరకు నా మీదికి దూకాడు. ఆ క్షణంలో అతడి కుడి భుజం పక్కగా, పెనాల్టీ ఏరియా అంచున ఉన్న మిడ్‌ఫీల్డర్ కాలికి బంతి చేర్చాను. అతడు ఒకే స్పర్శతో దాన్ని ఎడమ వైపుకు మళ్లించాడు. ఇద్దరు ఫార్వర్డ్‌లూ మా వెనుక చిక్కుకుపోయారు. మన వింగర్ మైదానం సగం దూరం ఎదురులేకుండా పరుగెత్తి ఒక కార్నర్ సంపాదించాడు. దాని నుంచి గోల్ రాలేదు. అంతకంటే విలువైనది దొరికింది. ఆ తరువాత వాళ్లు ఇద్దరిని పంపడం మానేసి, ఒక్కరినే ముందుంచి వెనక్కి తగ్గారు. చివరి నిమిషాలు మన ఆధీనంలోనే గడిచాయి. మనం నిలిచాం.

ఆగడం ప్రతిసారీ సరైన పని అని నేను అనడం లేదు. వాన పడి బంతి ఆగి ఆగి దొర్లుతున్నప్పుడు, వాళ్లు ముగ్గురు నలుగురిని పంపి మన ప్రతి మనిషినీ పట్టుకున్నప్పుడు, పొడవుగా కొట్టడమే తెలివైన పని. అలాంటప్పుడు వాళ్ల వెనుక భాగంలో మనుషులు తక్కువగా ఉంటారు కాబట్టి ఆ కిక్‌కు ఫలితం కూడా ఉంటుంది. మీరు పై నుంచి చూసి ఈ తేడా గుర్తుపట్టగలరు. ఫార్వర్డ్ పరుగు ఆపి నిలబడిపోతే, గోల్‌కీపర్ ఆగడం సరైనదే. గోల్‌కీపర్ తల పైకెత్తి ఉంటే అతడికి దారి కనిపిస్తోందని అర్థం. అతడు తల దించి బంతినే చూస్తూ, ఒకటికి రెండుసార్లు దాన్ని సర్దుకుంటుంటే, అప్పుడు మీరు భయపడవచ్చు.

చేతిలో బంతి పట్టుకున్నప్పటి సంగతి వేరు. ఇప్పుడు నియమం ప్రకారం ఎనిమిది సెకన్లు దాటితే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తారు. చివరి ఐదు సెకన్లను రిఫరీ చెయ్యెత్తి లెక్కిస్తాడు. ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆట నెమ్మదించాలని మీరు కోరుకున్నా, ఆ సెకన్లను ఇక ఎవ్వరూ పొడిగించలేరు.

నేను గాయపడిన కాలంలో మీరు చూపిన ఆదరణ గురించి ఎక్కువ చెబితే గొంతు నిలవదు. భుజానికి శస్త్రచికిత్స జరిగి, చెయ్యి తల పైకి లేవని నెలల్లో నేను ఈ స్టాండ్‌లోనే మీ మధ్య కూర్చుని ఆట చూశాను. మీలో ఎవ్వరూ 'ఎప్పుడు తిరిగి వస్తావు' అని అడగలేదు. చెయ్యి ఎలా ఉందనే అడిగారు. ఆ తేడా గాయపడిన ఆటగాడికి మాత్రమే తెలుస్తుంది. నా కుటుంబానికి ప్రతి వారాంతం నేను లేని ఇల్లే మిగిలింది. వారికి నేను ఇక్కడి నుంచే నమస్కరిస్తున్నాను. మైదానం సిబ్బందికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. గోల్ ముందు గడ్డి అన్నిటికంటే ముందు అరిగిపోతుంది. ప్రతి మ్యాచ్ తరువాత అక్కడి గుంటలు పూడ్చి, విత్తనం చల్లి, నేల చదును చేసినవారు వాళ్లు. బంతి నా ముందు ఎగుడుదిగుడుగా ఎగరకుండా, నేను దూకిన చోట మోకాలు చిట్లకుండా వాళ్లే చూసుకున్నారు.

వచ్చే సీజన్ నుంచి నా చోట నిలబడబోయే కుర్రాడు మీకు తెలిసినవాడే. మన యువజట్టులోనే పెరిగాడు. నా కంటే పొడగరి, కాలితో నా కంటే బాగా ఆడతాడు. క్రాస్‌ల కోసం బయటికి రావడంలో ఇంకా ఒక అడుగు ఆలస్యం చేస్తాడు, అది మ్యాచ్‌లు ఆడుతూ ఉంటేనే చక్కబడుతుంది. అందుకు ఒక సీజనైనా పడుతుంది. ఆ మధ్యలో కొన్ని గోల్‌లు మీ కళ్లముందే పడతాయి. అలా పడిన తరువాత అతడు తిరిగి గీత మీదికి వచ్చి నిలబడేటప్పుడు వినపడే మొదటి శబ్దం మీదే అవుతుంది. నా మొదటి ఏడాదిలో అలాంటి వేళల్లో మీరు నా పేరు పిలిచారు. అతడి పేరు కూడా అలాగే పిలవండి. అతడు బంతి మీద కాలు పెట్టి ఆగినప్పుడు, నా వెనుక దిగువ వరుసల్లో కూర్చుని 'ఆగు, ఆగు' అని మిగిలినవారిని వారించినవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఈసారి ఆ మాట పై వరుసల నుంచి కూడా రావాలని కోరుతున్నాను.

అతడి తొలి మ్యాచ్‌కు నేను కూడా మీ స్టాండ్‌లోనే ఉంటాను. నాకు చోటు ఇస్తారన్న నమ్మకంతో సెలవు తీసుకుంటున్నాను. అందరికీ నమస్కారం.